బ్లూ టిక్ పడింది, రిప్లై రాలేదు

ఒక పాఠకురాలు అడిగారు: "'నిన్న నేనన్నదానికి ఏమైనా అనుకున్నావా?' అని ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టానండీ. మధ్యాహ్నమే బ్లూ టిక్కులు పడ్డాయి. రాత్రయినా రిప్లై లేదు. కోపం వచ్చినట్టేనా?"

బల్లి శాస్త్రాన్ని నవ్వి కొట్టిపారేసేవాళ్లు కూడా బ్లూ టిక్కులకు ఫలం చెప్పేస్తుంటారు! చాట్ తెరుచుకుందని తప్ప ఆ టిక్కులు ఇంకేమీ చెప్పవు.

ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో ఆల్బర్ట్-లాస్లో బరబాసి అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ఒక బుల్లి నమూనాతో చూపించాడు. మనిషి దగ్గర పనుల జాబితా ఉంటుంది. అందులో ముఖ్యమైనది ముందు చేస్తాడు. అది అవగానే కొత్త పని వచ్చి చేరుతుంది. అంతే నమూనా!

టోకెన్ల ప్రకారం కాకుండా జబ్బు తీవ్రతను బట్టి పిలిచే క్లినిక్‌ని ఊహించుకోండి. ఆయాసంతో వచ్చినవాడు నిమిషంలో లోపలికి వెళ్తాడు. జలుబుతో వచ్చినవాడు బెంచీ మీదే ఉంటాడు. వాడి తర్వాత వచ్చినవాళ్లు కూడా వాడిని దాటి పోతుంటారు. ఎంతసేపు కూర్చున్నా వాడి వంతు దగ్గర పడదు, ఎందుకంటే కూర్చున్నంత మాత్రాన జలుబు ముదరదు. డాక్టరుకి వాడి మీద కోపమేమీ లేదు. అక్కడ చాలామంది నిమిషాల్లో బయటపడతారు, కొద్దిమందికి పొద్దు గూకుతుంది. ఇలాంటిచోట సగటు చూసి ఏమీ తేల్చలేం.

గణితంలో దీన్ని పవర్ లా అంటారు. బరబాసి చూసిన ఈమెయిళ్లలో ఆలస్యం పదింతలైతే, అంత ఆలస్యంగా జవాబు వచ్చే అవకాశం సుమారు పదో వంతుకు తగ్గింది. డార్విన్, ఐన్‌స్టీన్ ఉత్తరాల్లోనైతే సుమారు ముప్పయ్యో వంతుకు. వాళ్లూ చాలా ఉత్తరాలకు కొద్ది రోజుల్లోనే జవాబు రాశారు, కొన్నిటికి మాత్రం నెలలు పట్టింది, ఏళ్లూ పట్టింది.

"బయల్దేరావా?" అంటే "ఆ" అనేస్తే సరిపోతుంది. "ఏమైనా అనుకున్నావా?" అంటే కూర్చుని ఆలోచించి రాయాలి, కాబట్టి అది జాబితాలో కిందికి జారుతుంది. ఈ మాట బరబాసిది కాదు, నాది.

ఇక కోపం సంగతి. అంకెలు ఊహించినవే, లెక్క చూడండి. ఇలాంటి మెసేజ్ వందసార్లు పెడితే 5 సార్లు అవతలివాళ్లకి నిజంగానే కోపం ఉందనుకుందాం, ఆ 5లో 4 సార్లు రాత్రిదాకా రిప్లై రాదు. కోపం లేని 95 సార్లలోనూ, జాబితా పుణ్యమా అని, 30 సార్లు రాదు. మొత్తం 34 మౌనాల్లో కోపం ఉన్నవి 4. అవతలివాళ్లకి కోపం ఉంటే రిప్లై రాదన్నది చాలావరకు నిజమే కావచ్చు. రిప్లై రాలేదు కాబట్టి కోపం ఉందనడం వేరే లెక్క. ఈ రెంటినీ కలిపేయడం పరీక్ష పేపర్లలోనూ కనిపించే పొరపాటే.

అయితే ఆ ఫ్రెండ్ "బయల్దేరావా?"కి కూడా పలకడం మానేస్తే? అలాంటివాటికి ఎప్పుడూ నిమిషంలో రిప్లై ఇచ్చే మనిషైతే, ఆ 95లో మౌనం 30 సార్లు కాదు, ఏ 2 సార్లో ఉంటుంది. అప్పుడు 6 మౌనాల్లో 4 కోపానివే.