మాత్ర చివర్లో వెయ్యండి

పిల్లలూ,

వార్షికోత్సవంలో చెప్పడానికి మీరు రాసి పంపిన జోకులన్నీ చదివాను. కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ చదివేవాళ్లకు ఏదైనా అర్థం కాకపోతే వెనక్కెళ్లి మళ్లీ చదువుకుంటారు, వినేవాళ్లకు ఆ వీలు లేదు. ఉదాహరణకు బస్సు తాత జోకునే తీసుకుందాం. పాతదే, మీ అమ్మానాన్నలు కూడా వినే ఉంటారు. సరిగ్గా చెబితే ఇప్పటికీ పేలుతుంది.

విశాఖపట్నంలో బస్సెక్కిన తాత అనకాపల్లిలో "అన్నవరం వచ్చిందా బాబూ?" అంటాడు. యలమంచిలిలో మళ్లీ అడుగుతాడు. తునిలోనూ అదే ప్రశ్న. మూడు ఊళ్లు చాలు, నాలుగోది చేరిస్తే కండక్టర్ కంటే ముందు జనానికి విసుగొస్తుంది. తీరా అన్నవరంలో కండక్టర్ చెప్పడం మరిచిపోతాడు. కత్తిపూడిలో గుర్తొచ్చి, బస్సు వెనక్కి తిప్పించి, "తాతా, అన్నవరం! దిగు" అంటాడు.

మీరు రాసిన ముగింపు ఇదీ: "మా కోడలు ఈ మాత్ర అన్నవరం రాగానే వేసుకోమని చెప్పింది, అందుకే అడిగాను, నేను రాజమండ్రిలో దిగాలి అని తాత అన్నాడు." 'మాత్ర' దగ్గరే గుట్టు బయటపడిపోయింది. ఆ తర్వాత ఇంకా 12 మాటలున్నాయి. నవ్వబోయినవాళ్లు కూడా మీరింకా మాట్లాడుతున్నారని ఆగిపోతారు. 'అని తాత అన్నాడు' అనే తోక కథల పుస్తకంలో బాగుంటుంది, మైకు ముందు కాదు. ఎవరు మాట్లాడుతున్నారో ముందే చెప్పేయండి:

తాత తాపీగా సంచిలో చెయ్యి పెట్టాడు. "దిగడమెందుకు నాయనా? నేను రాజమండ్రి పోవాలి. అన్నవరం రాగానే వేసుకోమంది మా కోడలు... ఈ మాత్ర!"

ఆ చుక్కల దగ్గర ఒక్క ఊపిరంత సేపు ఆగండి. కాగితం మీద అక్కడ 'ఆగు' అని రాసుకోండి, లేకపోతే టెన్షన్‌లో దాటేస్తారు. 'మాత్ర' అన్నాక నోరు మూసేయాలి. నవ్వు పెరుగుతున్నంతసేపూ ఆగి, తగ్గుముఖం పట్టాక తర్వాతి మాట ఎత్తుకోండి. నవ్వు మీద మాట్లాడితే ఆ మాటా వినపడదు, నవ్వూ చచ్చిపోతుంది.

ఇంకొకటి. కండక్టర్ "అచ్చం మన పీఈటీ సార్‌లా" అరిచాడని రాశారు. మీ క్లాసు పడీ పడీ నవ్వుతుంది. ఆయన్ని ఎరగని తల్లిదండ్రులు మాత్రం పక్కవాళ్ల మొహాలు చూస్తారు. సార్ పేరెత్తకుండా, మాట మాటకీ "అర్థమైందా?" అనే అలవాటును కండక్టర్‌కి పెట్టండి. అనకాపల్లిలో "రాలేదు, అర్థమైందా?" యలమంచిలిలోనూ అదే. అప్పుడు "దిగు, అర్థమైందా?" అనేసరికి ఆ అలవాటు హాల్లో అందరికీ తెలిసిపోయి ఉంటుంది. మీ క్లాసుకి ఆయనెవరో చెప్పకుండానే తెలుస్తుంది, అది వేరే సంగతి.

ఒకవేళ ఎవరూ నవ్వలేదనుకోండి. "అంటే తాత దిగడానికి అడగలేదన్నమాట" అని వివరించడం మొదలుపెట్టొద్దు. అదంతా మామూలే అన్నట్టు తర్వాతి అంశానికి వెళ్లిపోండి.

మీ తాతయ్య