డీడీ పోయి యూటీఆర్ వచ్చాక: ఫీజు గడువు గొడవ ఎక్కడ మొదలైంది

బెంగళూరులో ఇంజినీరింగ్ చదివే మన పిల్లల తల్లిదండ్రుల మధ్య పాత గొడవ మళ్లీ రేగింది. ఫీజు గడువు దాటింది, బ్యాంకు నుంచి చదువు లోన్ డబ్బు ఇంకా పడలేదు, కాలేజీ రోజుకింత అని ఫైన్ వేస్తోంది. ఆ ఫైన్ ఎవరు కట్టాలి?

చదువు లోన్లు ఎలా పుట్టాయో, వడ్డీ ఎంతో అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా. 2001లో బ్యాంకుల సంఘం ఐబీఏ తెచ్చిన నమూనా పథకంలో ఒక్క షరతు చాలు మనకి: లోన్ డబ్బు అవసరాన్ని బట్టి విడతలుగా, వీలైనంత వరకు నేరుగా కాలేజీకే ఇవ్వాలి. ఆ డబ్బు పొలంలో బోరుకో అక్క పెళ్లికో మళ్లకూడదని పెట్టిన షరతు, అందులో తప్పేం లేదు.

నా లెక్కలో అసలు మలుపు తర్వాత వచ్చింది, డీడీలు తగ్గిపోయినప్పుడు. అప్పట్లో నేరుగా కాలేజీకి అంటే కాలేజీ పేరు మీద డీడీ తీసి పిల్లాడి చేతికే ఇచ్చేవాళ్లు. అనంతపురం బ్రాంచిలో తీసుకున్న డీడీ పట్టుకుని రాత్రి బస్సెక్కి, పొద్దున్నే కౌంటర్లో ఇచ్చి రసీదు తెచ్చుకునేవాడు. గడువులోపు కట్టాడా లేదా అన్నది అతని చేతిలోనే ఉండేది. 2004లో ఆర్టీజీఎస్, 2005లో నెఫ్ట్ వచ్చాయి, మెల్లగా బ్యాంకులు డబ్బును ఆన్‌లైన్లో కాలేజీ ఖాతాలోకే పంపడం మొదలుపెట్టాయి. 2020 డిసెంబరుకల్లా రెండూ రోజంతా నడుస్తున్నాయి కూడా. డబ్బు వెళ్లడానికి పట్టే టైము గంటల్లోకి తగ్గింది, కానీ పిల్లాడి చేతిలో ఏమీ మిగల్లేదు. డబ్బు పంపినట్టు గుర్తుగా బ్రాంచి ఇచ్చే యూటీఆర్ నంబరు ఒక్కటే ఆధారం. రిమార్కుల్లో యూఎస్‌ఎన్, అంటే యూనివర్సిటీ విద్యార్థికిచ్చే నంబరు, రాయకుండా పంపితే ఆ డబ్బు ఎవరిదో కాలేజీ అకౌంట్స్ వాళ్లకి తెలియదు, ఫీజు బాకీ అలాగే కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ లెక్క వేసి చూద్దాం. ఫీజు లక్షా పదివేలు, గడువు జులై 31. ఇంత ఫీజు కట్టాలని చెప్పే డిమాండ్ లెటర్‌ని కాలేజీ జులై 22న ఇచ్చిందనుకోండి. తండ్రి దాన్ని, పాత సెమిస్టరు మార్కులతో కలిపి, ఊళ్లో బ్రాంచికి తీసుకెళ్తాడు, ఎందుకంటే లోన్ సాధారణంగా తల్లిదండ్రుల ఊరి బ్రాంచిలోనే ఉంటుంది. లోన్ నాలుగు లక్షలు దాటితే ఐదు శాతం మార్జిన్ మనమే పెట్టుకోవాలని ఆ పథకం చెబుతుంది, అంటే ఇక్కడ 5,500. అది కట్టేదాకా మిగతా 1,04,500 చాలాచోట్ల కదలదు. ఇవన్నీ అయి డబ్బు ఆగస్టు 6న పడుతుంది. ఈలోపు తండ్రి టెన్షన్ పడి జులై 30న బంగారం తాకట్టు పెట్టి మొత్తం ఫీజు కట్టేశాడు. ఇప్పుడు కాలేజీ దగ్గర రెండుసార్లు డబ్బు ఉంది, తిరిగిస్తే బ్యాంకు పంపింది లోన్ ఖాతాకే వెళ్లాలి, తండ్రి చేతికి కాదు. లోన్ తగ్గుతుంది, నిజమే, కానీ తాకట్టు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

తనే కట్టేశానని బ్రాంచికి రాతపూర్వకంగా, డబ్బు విడుదల కాకముందే చెప్పి, రీయింబర్స్‌మెంట్ అడిగి ఉంటే కథ వేరే. కొన్ని బ్యాంకులు ఇస్తాయి, అయితే కాలేజీ రసీదుతో పాటు డబ్బు విద్యార్థిదో కో-అప్లికెంట్‌దో ఖాతా నుంచి వెళ్లినట్టు స్టేట్‌మెంట్ చూపించాలి. చేబదులు తెచ్చి నగదుగా కడితే నిరూపించడం కష్టం. అందుకే కట్టే ముందే మేనేజర్‌ని అడగాలి.

బ్యాంకు వాళ్ల మాట, కాగితాలు పూర్తిగా అందాకే మా పని మొదలవుతుందని. కాలేజీ మాట, గడువు అందరికీ ఒకటేనని. రెండూ కాగితం మీద నిజమే. కాలేజీ ఫీజు నోటీసులో బ్యాంకు ఊసే ఉండదు, లోన్ ఒప్పందంలో కాలేజీ గడువు మాట మామూలుగా ఉండదు, రెండింట్లోనూ ఉండే పేరు పిల్లాడిదే. కాబట్టి ఫైన్ వాడి మీదే పడుతుంది, పైగా లేట్ ఫీజును బ్యాంకులు సాధారణంగా చదువు ఖర్చు కింద లెక్కించవు కూడా.

కానీ గడువుకి తొమ్మిది రోజుల ముందు డిమాండ్ లెటర్ ఇచ్చి, గడువు దాటిన మర్నాటి నుంచి ఫైన్ మొదలెట్టడాన్ని కాలేజీ ఎలా సమర్థించుకుంటుందో నాకు అర్థం కాదు. ఫైన్ తీసేయమని రాసే అర్జీలో బలం అక్కడే ఉంది. డిమాండ్ లెటర్ మీద ఉన్న తేదీ, లోన్ డబ్బు విడుదల చేయమని బ్రాంచిలో కాగితాలు ఇచ్చినప్పుడు మన కాపీ మీద వేయించుకున్న ముద్ర, లోన్ మంజూరు పత్రం, ఈ మూడూ జతచేసి గడువు దాటకముందే ప్రిన్సిపల్ ఆఫీసులో ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. హాల్ టికెట్ ఆపాక ఇచ్చే అర్జీని అకౌంట్స్ సెక్షన్ అంతగా పట్టించుకోదు.