శుద్ధ హింగుళం అంటే ఏమిటో తెలుసా?

జ్వరం తగ్గట్లేదని మా పిన్ని ఆయుర్వేద షాపులో అడిగితే త్రిభువనకీర్తి రస్ మాత్రలు ఇచ్చారట. "ఆకులూ వేర్లే కదరా, ఏమీ కాదు" అంది. సీసా తీసుకుని చూశాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, మోడి, వెలిగారం, వీటి పక్కనే శుద్ధ హింగుళ, శుద్ధ వత్సనాభ. హింగుళం అంటే ఇంగిలీకమే, పాదరసమూ గంధకమూ కలిసిన ఎర్రటి ఖనిజం. వత్సనాభి విషపు దుంప. మందుల పేర్ల చివర 'రస్' అని కనిపిస్తే చాలావరకు అది పాదరసం గుర్తే.

ఈ మందులో ఏడు దినుసులూ సమభాగాలు. 125 మిల్లీగ్రాముల మాత్ర అనుకుంటే హింగుళం సుమారు 18 మిల్లీగ్రాములు, అందులో పాదరసం 15 దాకా. మూలికా మందుల్లో పాదరసం పది లక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదని పరిమితి ఉంది, ఈ మాత్రలో లక్షా ఇరవై వేల వంతులు! అయినా ఇది కల్తీ కాదు, శాస్త్ర గ్రంథంలో ఉన్న యోగమే. ఆ పరిమితి ఇలా కావాలని లోహం కలిపే మందులకు వర్తించదు. గంధకంతో కలిసిన పాదరసం పేగుల్లో పెద్దగా కరగదన్నదీ నిజమే, కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు, నెలల తరబడి వాడేవాళ్లు ఆ ధైర్యంతో ఉండకూడదు. 'శుద్ధ' అంటే నిమ్మరసంలాంటి వాటితో నూరి శోధన చేశారని, పాదరసాన్ని తీసేశారని కాదు.

పేర్లు మోసం చేస్తాయి కూడా. నాగకేసరం పువ్వు, నాగభస్మం సీసం. హరితాళం అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. శంఖభస్మం మాత్రం మామూలు కాల్షియమే.

హింగుళం, వత్సనాభిలాంటివి మందుల చట్టం నిబంధనల్లో షెడ్యూల్ ఈ(1) అనే విషాల జాబితాలో ఉన్నాయి. లోపలికి తీసుకునే మందులో వీటిలో ఏ ఒక్కటున్నా "కాషన్: టు బి టేకెన్ అండర్ మెడికల్ సూపర్‌విజన్" అని ఇంగ్లీషులోనూ హిందీలోనూ స్పష్టంగా కనిపించేలా ముద్రించాలి. తెలుగులో ఉండాలన్న రూల్ లేదు, పిన్ని చదవకపోవడానికి అదే కారణం. దినుసుల్లో హింగుళం ఉండి ఈ హెచ్చరిక లేకపోతే ఆ సీసా తిరిగిచ్చేయండి.

తర్వాత లైసెన్స్. ఆయుర్వేద మందు మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు పూర్తి చిరునామా ఉండాలి. కొన్ని చూర్ణాల మీద మాత్రం ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల నంబరే ఉంటుంది, అది ఆహారానికి ఇచ్చేది. దాని కింద భస్మాలు అమ్మడానికి వీల్లేదు, కాబట్టి ఆ నంబరూ భస్మమూ ఒకే డబ్బా మీద కనిపిస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే.

లేబుల్ శుభ్రంగా ఉన్నా అంతా తేలిపోదు. 2008లో అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే, లోహాలు కావాలని కలిపే రసశాస్త్ర మందుల్లో 41 శాతంలోనూ, మామూలు మూలికా మందుల్లో 17 శాతంలోనూ సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. ఏదైనా చూర్ణం వాడుతుండగా కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత కలిసి వస్తే ఆ డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్లి రక్తంలో సీసం పరీక్ష గురించి అడగండి. మామూలు రక్తపరీక్షలో సీసం మోతాదు రాదు.