ఖాళీ జవాబుకు ఎన్ని మార్కులు?

కంప్యూటర్ ఇచ్చిన జవాబులను దిద్దే ప్రోగ్రాంను ఎవాల్యుయేటర్ అంటారు. ఖాళీ జవాబు వస్తే అది ఎన్ని మార్కులు వేయాలన్న ప్రశ్న స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్క్వాడ్ పరీక్షతో బాగా ముందుకొచ్చింది.

2016లో వచ్చిన మొదటి స్క్వాడ్‌లో లక్షకు పైగా ప్రశ్నలు ఉండేవి. ప్రతిదానికీ జవాబు ఇచ్చిన పేరాలోనే దొరికేది. కాబట్టి ఖాళీగా వదిలేస్తే సున్నా, అందులో తర్జనభర్జన లేదు. 2018లో రెండో వెర్షన్ వచ్చేసరికి, పేరాలో జవాబే లేని ప్రశ్నలను యాభై వేలకు పైగా కలిపారు. వాటికి ఖాళీ స్ట్రింగే సరైన జవాబు. పాత F1 లెక్క సరైన జవాబులోని పదాలతో ఎన్ని పదాలు పోలాయో చూసి స్కోరు ఇచ్చేది. రెండు వైపులా పదాలు లేనప్పుడు పోలిన పదాలు సున్నా కాబట్టి స్కోరూ సున్నాయే. అందుకే కొత్త స్క్రిప్టులో ఏదో ఒక వైపు ఖాళీ అయితే, రెండూ ఒకటేనా అని మాత్రమే చూసే షరతు పెట్టారు.

అయితే పోల్చేముందు ఆ స్క్రిప్టు విరామ చిహ్నాలనూ, a, an, the అనే పదాలనూ తీసేస్తుంది. దాంతో ఇలా జరుగుతుంది, మొదటిది సరైన జవాబు, రెండోది కంప్యూటర్ ఇచ్చినది:

```python
compute_f1("", "")     # 1
compute_f1("", "the")  # 1
compute_f1("", None)   # 1
```

రెండో వరుసలో ఏదో ఒక జవాబు రాసినా పూర్తి మార్కులు పడ్డాయి. మూడోది ఇంకా ప్రమాదం. అసలు జవాబే తయారు కాక None వచ్చినా, "జవాబు లేదని సరిగ్గా చెప్పింది" అని లెక్క తేలుతుంది. అదే ఫైల్లోని compute_exact మాత్రం None చూడగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నన్నడిగితే ఆగిపోవడమే మేలు, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

పొడవైన జవాబును ఈ లెక్క బాగానే పట్టుకుంటుంది. మూడు పదాల జవాబుకు 120 పదాల పేరా మొత్తం దించేస్తే, సరైన పదాలన్నీ అందులో ఉన్నా స్కోరు 0.05 దగ్గరే ఆగుతుంది.

మన భాష దగ్గరికి వస్తే ఖాళీ మరో దారిలో వస్తుంది. సారాంశాలను దిద్దే రూజ్ కొలతకు rouge_score అనే పైథాన్ లైబ్రరీ ఉంది. వాక్యాన్ని పదాలుగా విడగొట్టే దాని మామూలు టోకెనైజర్ a-z, 0-9 కాని ప్రతి అక్షరాన్నీ తుడిచేస్తుంది. తెలుగు వాక్యం ఇస్తే మిగిలేది ఖాళీయే. "వాన కురిసింది" అన్న వాక్యాన్ని దానితోనే పోల్చినా సున్నా వస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. చూసేవాళ్లు మోడల్‌కు తెలుగు రాదనుకుంటారు. 2021లో తెలుగుతో సహా 44 భాషలతో వచ్చిన సారాంశాల డేటాసెట్ ఎక్స్ఎల్-సమ్ బృందం, అందుకే బహుభాషల రూజ్‌ను విడిగా తయారుచేసుకుంది.

తెలుగు స్కోర్లు చూసే ముందు నేను ఒకే వాక్యాన్ని రెండు వైపులా ఇచ్చి చూస్తాను. 1 రాకపోతే మోడల్ జోలికి వెళ్లకుండా ముందు టోకెనైజర్ తెరుస్తాను.