హోయా పూయడం లేదా? పూత రాలిన కాడ మీద కత్తెర పెట్టకండి: అపోహలు - వాస్తవాలు

మాది నెల్లూరులో పొదలకూరు రోడ్డు పక్కన చిన్న నర్సరీ. హోయాలు పెంచడం మొదలుపెట్టి పదమూడేళ్లయింది. దీన్నే కొందరు వాక్స్ ప్లాంట్ అంటారు. మైనంతో చేసినట్టుండే చిన్న చిన్న నక్షత్రాల్లాంటి పూలు బంతిలా గుత్తిగా పూస్తాయి. రాత్రిపూట వాసన ఇల్లంతా నిండుతుంది. "తీగ గ్రిల్లంతా పాకిందమ్మా, ఆకులు నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం లేదు" అని వచ్చేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. చాలామంది ఎరువు అడుగుతారు. నేను ముందు ఒకటే అడుగుతాను: "ఇంతకుముందు ఎప్పుడైనా పూసిందా? పూశాక ఆ కాడల్ని ఏం చేశారు?"

అపోహ: పూలు రాలిపోయాక మిగిలిన కాడ పనికిరాదు, కోసేస్తే కొత్తది వస్తుంది

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. మన చేతులకు అలవాటైన మొక్కలు అలాంటివి. మల్లెను చలికాలంలో కత్తిరిస్తే కొత్త చిగుళ్లు వేసి, ఆ చిగుళ్ల మీదే పూస్తుంది. గులాబీకీ అంతే, వాడిన పువ్వు కింద రెండు మూడు ఆకులతో సహా కోస్తాం. నిమ్మతోటలో ఎండుపుల్లలు తీయకపోతే రైతుకు నిద్రపట్టదు. అలాంటి చేయి హోయా దగ్గరకు వచ్చినప్పుడు, ఆకుల సందులోంచి వేలెడంత పొడవున బోడిగా వేలాడే కాడను చూసి ఊరుకోలేదు.

వాస్తవం: హోయా మళ్లీ పూసేది ఆ పాత కాడ మీదే. మల్లె పూలు రాలితే ఆ రెమ్మ పని అయిపోతుంది. హోయా కాడ పని అయిపోదు. దాని కొసన బుడిపెలా చిన్న పెరిగే మొన ఉంటుంది. పూలు తొడిమలతో సహా రాలిపోయాక కూడా ఆ మొన బతికే ఉంటుంది. కొన్ని వారాలో నెలలో ఆగి, అక్కడే మళ్లీ ఆవగింజంత మొగ్గలు గుంపుగా పుడతాయి. పూసిన ప్రతిసారీ కాడ కాస్త పొడవవుతుంది, రాలిన తొడిమల మచ్చలు దాని మీద మిగులుతాయి. నా దగ్గరున్న పెద్ద హోయా కార్నోసా కాడ ఒకటి చేత్తో తడిమితే గరుకుగా, చిన్న చిన్న మెట్లు కట్టినట్టు ఉంటుంది. ఆ గరుకంతా పాత పూతల గుర్తు.

కాడను కోస్తే పోయేది ఒక పుల్ల కాదు, వచ్చే ఏడాది, ఆ తర్వాతి ఏడాది పూయాల్సిన చోటు. మొక్క ఇంకో కణుపు దగ్గర కొత్త కాడను మొదటినుంచి పుట్టించుకోవాలి. అది మొలవాలి, ముదరాలి, అప్పుడు మొగ్గ కట్టాలి. తీగ బలంగా, వెలుతురు బాగా ఉన్నచోట కూడా దీనికి నెలలు పడుతుంది. వెలుతురు తక్కువైతే ఆ ఏడాదికి పూత లేనట్టే.

ఒక్క మాట. హోయాల్లో కొన్ని రకాలు పూసిన కాడను తామే రాల్చేస్తాయి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే కార్నోసా, పూబికాలిక్స్ లాంటివి మాత్రం కాడను ఉంచుకుంటాయి. మీది ఏ రకమో తెలియకపోయినా పద్ధతి ఒకటే. రాల్చుకునేదైతే అదే రాల్చుకుంటుంది, మన కత్తెరతో పనిలేదు.

పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉన్న ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఆయన మా దగ్గర నాలుగంగుళాల కుండీలో కార్నోసా కొన్నారు. తూర్పు వరండా గ్రిల్‌కు పాకించారు. పొద్దున రెండు మూడు గంటల ఎండ, తర్వాత నీడ. అంతకంటే మంచి చోటు ఉండదు. మూడేళ్లకు ఫిబ్రవరిలో ఐదు గుత్తులు పూసింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించారట. మార్చిలో పూలు రాలాయి. ఆయన కొమ్మ కత్తెర తీసుకుని ఐదు కాడల్నీ కణుపు దాకా నున్నగా కోసేశారు.

మరుసటి ఏడాది ఒక్క గుత్తీ లేదు. ఆ పై ఏడాది మార్చిలో ఫోన్ పట్టుకుని నర్సరీకి వచ్చారు. "ఏందమ్మా ఇది, ఒకసారి పూసి మొండికేసింది. వేపపిండి వేశా, పేడ ఎరువు వేశా, డీఏపీ గింజలు కూడా వేశా" అన్నారు. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. పాత తీగ మీద ఐదు కణుపుల దగ్గర కోసిన మచ్చలు గుండ్రంగా ఎండి కనిపిస్తున్నాయి. తీగ పైన చివర్లో మాత్రం ఒక కొత్త కాడ, అగ్గిపుల్లంత, కొసన బుడిపెతో.

"ఇదొకటి ఎండుపుల్ల మిగిలిపోయింది, రేపు తీసేస్తా" అన్నారు ఆయన.

"చిన్నాయనా, అది ఎండుపుల్ల కాదు. రెండేళ్లు కష్టపడి మొక్క తెచ్చుకున్న కాడ అదే" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మేం చేసింది కొంచెమే. డీఏపీ ఆపించాను. కుండీని చోటు కదపొద్దన్నాను. ఆ కాడకు ఎర్ర ఊలు ముక్క వదులుగా కట్టించాను, ఇంట్లో ఎవరు కత్తెర పట్టుకున్నా కనబడేలా. అక్టోబరుకు మరో రెండు కాడలు వచ్చాయి, వాటికీ ఊలు కట్టారు. ఆ ఫిబ్రవరిలో మూడు గుత్తులు పూశాయి. మే నెల వడగాడ్పుల్లో అవే కాడల మీద మళ్లీ మొగ్గలు వచ్చి, పసుపు తిరిగి రాలిపోయాయి. ఆయన టెన్షన్ పడి ఫోన్ చేశారు. మొగ్గలు రాలినా కాడ ఉంది కదా, ముట్టుకోవద్దన్నాను. వానలు పడి చల్లబడ్డాక సెప్టెంబరులో అవే మూడు కాడలు మళ్లీ పూశాయి.

అపోహ: ఆకులు లేకుండా సాగే పొడవాటి తీగ బలం తినేస్తుంది, తుంచేయాలి

వాస్తవం: కాడల తర్వాత ఎక్కువ నష్టం ఇక్కడే. హోయా ముందు బోడి తీగను రెండు మూడు అడుగులు చాపుతుంది. పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అని గాలిలో వెతుక్కుంటుంది. ఆధారం దొరికాక నిదానంగా కణుపు కణుపుకూ ఆకులు వేస్తుంది. కొత్త పూతకాడలు కూడా చాలావరకు ఆ కణుపుల దగ్గరే పుడతాయి. సంక్రాంతికి సున్నాలు వేసేటప్పుడు "గోడకు అడ్డంగా ఉంది" అని తుంచేస్తే, కాడ రావాల్సిన కణుపులే పోతాయి. తీగను తుంచకుండా గ్రిల్ చుట్టూ గుండ్రంగా చుట్టి, మెత్తటి దారంతో కట్టండి. కొస నల్లబడి ఎండిపోతే ఆ ఎండినంత మేర తీయొచ్చు, అంతే.

అపోహ: కాడలున్నా పూయడం లేదంటే ఎరువు చాల్లేదని

వాస్తవం: కాడలు కోయకుండా ఉంచితే చాలు, పూస్తుందని నేను అనను. కాడ అనేది పూసే చోటు మాత్రమే, పూయించే బలం వెలుతురు. మొక్క ఎక్కడ ఆగిపోయిందో చూస్తే కారణం తెలుస్తుంది. ఒక్క కాడ కూడా లేకపోతే మొక్క ఇంకా లేతది, లేదా మరీ నీడలో ఉంది, లేదా ఎవరో కోస్తున్నారు. చిన్న కొమ్మ ముక్కతో పెంచిన కార్నోసా మొదటిసారి పూయడానికి రెండు మూడేళ్లు పట్టడం మామూలే. కాడలుండీ నెలల తరబడి కొస బుడిపె కదలకపోతే వెలుతురు చాలడం లేదు. హాల్లో సోఫా పక్కన పెట్టిన మొక్కల్లో ఇదే చూస్తాను. వాటిని కిటికీ దగ్గరకో తూర్పు వరండాకో మార్చండి. మధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు, మన రోహిణి కార్తె ఎండకు ఆకులు పసుపు తిరిగి కాలిపోతాయి.

మొగ్గలు కట్టి రాలిపోతుంటే అది వేరే సంగతి. కుండీ పూర్తిగా ఎండిపోయి ఉంటుంది, లేదా నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతుంటాయి, లేదా మొగ్గ మీద ఉండగా ఎవరో చోటు మార్చి ఉంటారు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి, పొడిగా అనిపిస్తేనే నీళ్లు పోయండి. నత్రజని ఎక్కువుండే ఎరువు పదేపదే వేస్తే ఆకులే వస్తాయి.

అపోహ: కాడకు పురుగు పట్టింది, కోసి పారేయడమే మేలు

హోయా, జిల్లేడు, గన్నేరు ఒకే కుటుంబం మొక్కలు. హోయాను గిల్లితే జిల్లేడులాగే పాలు కారతాయి. పువ్వు మధ్యలో కిరీటంలా ఉండే భాగం కూడా రెండింటికీ పోలిక. అందుకే రోడ్డు పక్క జిల్లేడు మీద కనిపించే పసుపు రంగు పేనుబంక హోయా లేత మొగ్గల మీదకూ వస్తుంది. తెల్లటి పిండినల్లి కాడ కొసన, మచ్చల సందుల్లో దాక్కుంటుంది. పూల తేనె కారి చీమలు చేరితే దాన్నీ జబ్బనుకుని కోసేవాళ్లున్నారు. తేనె కారడం జబ్బు కాదు, కింద ఆకు మీద పడితే తడిగుడ్డతో తుడిస్తే చాలు.

వాస్తవం: కాడను పోగొట్టుకోకుండానే పురుగును వదిలించొచ్చు. పేనుబంకైతే సన్నటి నీటి ధారతో కడగండి, నాలుగు రోజులకోసారి మూడుసార్లు. పిండినల్లికి దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి పురుగు మీద అద్దండి, కొస బుడిపెను రుద్దకండి. వేపనూనె పిచికారీ చేయాలనుకుంటే సాయంత్రమే చేయండి, విచ్చిన పూల మీద వద్దు.

అపోహ: కనీసం ఎండిపోయిన కాడనైనా తీసేయాలి

వాస్తవం: బతికిన కాడ చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది, తేడా అక్కడే పోల్చుకోలేకపోతారు. గోధుమ రంగు తిరిగినా వేళ్ల మధ్య గట్టిగా, కాస్త వంగేలా ఉంటే అది బతికున్నట్టు. నిజంగా చచ్చిన కాడ ముందు పసుపు తిరుగుతుంది, ముడుచుకుపోతుంది, తర్వాత కణుపు దగ్గర కీలు ఊడినట్టు ముట్టుకోగానే చేతిలోకి వస్తుంది. లాగితేనే వచ్చేది ఇంకా చావలేదు. అనుమానంగా ఉంటే ఒక చలికాలం, ఒక ఎండాకాలం దాకా అలాగే వదిలేయండి. దాన్ని ఉంచినందువల్ల మొక్కకు ఏ నష్టమూ లేదు. మా నర్సరీలో ఒక కాడ పద్నాలుగు నెలలు బోడిగా వేలాడి, మొన్న దీపావళి తర్వాత మొగ్గ తొడిగింది.