రూట్‌లో నాలుగు రోజులు: కొత్త అకౌంట్ల గొడవ వెనక కథ

వారం రోజులుగా మా విజయనగరం ఆఫీసులో మళ్లీ అదే గొడవ. కాలేజీల ఫలితాల పోర్టల్ చేసే టీమ్ ఏడబ్ల్యూఎస్‌లో కొత్త అకౌంట్ తీసుకుంది. క్లౌడ్‌ఫ్రంట్‌కి హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అడగబోతే పర్మిషన్ లేదని వచ్చింది. ఆ సర్టిఫికెట్ వర్జీనియా రీజియన్‌లోనే తీసుకోవాలి. మా సంస్థలోనేమో ముంబై, హైదరాబాద్ తప్ప మరో రీజియన్ వాడకుండా గార్డ్‌రైల్ ఉంది. అది అకౌంట్లన్నిటికీ పైనున్న రూట్‌కి తగిలించి ఉంది, అకౌంట్ల గుంపులైన ఓయూలకు కాదు. "దాన్ని రూట్ నుంచి తీసేసి, మునుపటిలా ఓయూల మీదే పెట్టండి" అని పోర్టల్ టీమ్ అడుగుతోంది. పని అప్పగించాల్సిన తేదీ దగ్గరపడింది కాబట్టి వాళ్ల టెన్షన్ నిజమే.

అయితే ఆ "మునుపటిలా" ఎలా ఉండేదో కొత్తగా చేరినవాళ్లకు తెలియదు.

గత అక్టోబర్‌లో పైడితల్లమ్మ జాతర తొలేళ్ల రోజు, సోమవారం సాయంత్రం ఇలాగే హడావిడిగా ఒక అకౌంట్ తెరిచారు. అప్పటికే మాకు గార్డ్‌రైల్స్ ఉన్నాయి. సర్వీస్ కంట్రోల్ పాలసీలు బాగానే రాసుకున్నాం, కాకపోతే వాటిని ఓయూలకు తగిలించాం. అకౌంట్లను కలిపి నిర్వహించే ఏడబ్ల్యూఎస్ ఆర్గనైజేషన్స్‌లో కొత్త అకౌంట్ తెరిస్తే అది ముందు రూట్ కింద పడుతుంది. తర్వాత ఎవరో ఒకరు దాన్ని ఓయూలోకి జరపాలి. మర్నాడు సిరిమాను, ఆఫీసు సెలవు. జరిపేసరికి శుక్రవారం అయింది. ఆ నాలుగు రోజులూ ఆ అకౌంట్ మీద మా పాలసీ ఒక్కటీ లేదు.

బుధవారం రాత్రి అడ్మిన్ కీ ఒకటి కోడ్‌తో పాటు పబ్లిక్ రిపోలోకి వెళ్లిపోయింది. కీ దొరికినవాడు చేసిన మొదటి పని `StopLogging`. ఆ రోజుల్లో ఏ అకౌంట్ ట్రయల్, అంటే ఎవరేం చేశారో రాసుకునే రికార్డు, ఆ అకౌంట్‌లోనే ఉండేది, లాగ్‌లు పడే బకెట్ కూడా అక్కడే. వాడు ట్రయల్ ఆపి, బకెట్ ఖాళీ చేసి, సావోపాలో రీజియన్‌లో సర్వర్లు లేపాడు.

శుక్రవారం అకౌంట్‌ని ఓయూలోకి జరిపాక కొత్త సర్వర్లు లేవడం ఆగింది. లేచినవి మాత్రం నడుస్తూనే ఉన్నాయి, ఎందుకంటే పాలసీ కొత్తగా వచ్చే రిక్వెస్టులను ఆపుతుంది తప్ప నడుస్తున్న సర్వర్‌ని ఆర్పదు. నవంబర్‌లో బిల్లు చూశాకే విషయం బయటపడింది. ఏడబ్ల్యూఎస్ తనంతట తాను ఉంచే ఈవెంట్ హిస్టరీని ఎవరూ ఆపలేరు, 90 రోజులు ఉంటుంది కదా అని వెతికితే ఏమీ కనబడలేదు. అది ఏ రీజియన్‌కి ఆ రీజియన్ విడిగా చూపిస్తుంది, మేమేమో ముంబైలో చూస్తున్నాం. సావోపాలోకి మార్చి చూసేసరికి రెండు రోజులు గడిచాయి. సర్వర్లను ఆర్పబోతే మా గార్డ్‌రైలే మమ్మల్ని అడ్డుకుంది. దాన్ని కాసేపు ఎత్తి ఆర్పాల్సి వచ్చింది.

డబ్బు నష్టాన్ని ఎలాగో సర్దుకున్నాం. ఫిబ్రవరిలో ఒక కాలేజీ అడిగిన ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు లేదు: "మా పిల్లల మార్కుల ఫైళ్లు ఎవరైనా దించుకున్నారా?" ఫైల్ చదవడం డేటా ఈవెంట్ కిందికి వస్తుంది. అది ఈవెంట్ హిస్టరీలో అసలు పడదు. ట్రయల్‌లో విడిగా ఆన్ చేస్తేనే పడుతుంది, దానికి డబ్బు కూడా వేరే. మేం ఆన్ చేయలేదు.

ఇప్పుడున్న ఏర్పాటు ఆ ప్రశ్న తర్వాత వచ్చింది. మేనేజ్‌మెంట్ అకౌంట్ నుంచి సంస్థ మొత్తానికి, అన్ని రీజియన్లకూ ఒకే ట్రయల్ పెట్టాం. కొత్త అకౌంట్ సంస్థలో చేరగానే అది దానంతటదే అక్కడికీ వస్తుంది. సభ్య అకౌంట్‌లో అడ్మిన్ అయినా దాన్ని ఆపలేడు, చూడగలడంతే. లాగ్‌లు వేరే అకౌంట్‌లోని బకెట్‌కి వెళ్తాయి. మార్కుల బకెట్లకు మాత్రమే డేటా ఈవెంట్లు ఆన్ చేశాం. అకౌంట్ సంస్థ నుంచి బయటికి వెళ్తే ఈ ట్రయల్ కూడా పోతుంది కాబట్టి ఆ దారీ మూశాం:

```json
{
  "Effect": "Deny",
  "Action": "organizations:LeaveOrganization",
  "Resource": "*"
}
```

దీన్నీ, రీజియన్ పాలసీనీ రూట్‌కే తగిలించాం. అకౌంట్ పుట్టిన క్షణం నుంచే అవి దాని మీద ఉంటాయి, ఓయూలోకి ఎప్పుడు జరిపినా ఫరవాలేదు. మేనేజ్‌మెంట్ అకౌంట్‌కి మాత్రం ఈ పాలసీలు వర్తించవు. అందుకే అందులో అప్లికేషన్లేవీ నడపడం లేదు.

పోర్టల్ టీమ్ ఫిర్యాదులో ఒక మాట సబబైనదే. పాలసీ పెట్టేముందు ఏ సర్వీసులు వర్జీనియా మీద ఆధారపడతాయో పూర్తిగా చూడలేదు. ఐఏఎమ్, క్లౌడ్‌ఫ్రంట్ మినహాయింపులో ఉన్నాయి, సర్టిఫికెట్ మేనేజర్ లేదు. అది మా తప్పే. మినహాయింపులు రాసే `NotAction` జాబితాలో ఇంకొక్క పదం చేరిస్తే వాళ్ల పని అయిపోతుంది:

```json
"acm:*"
```

ఇన్‌ఫ్రా చూసే మేడం మంగళవారమే ఈ మార్పు రాసి రివ్యూకి పెట్టారు. "సర్టిఫికెట్ కావాలంటే ఇస్తాను బాబూ, తొలేళ్ల నాటి అకౌంట్ మాత్రం మళ్లీ ఇవ్వలేను" అన్నారు. పోర్టల్ టీమ్ లీడ్ ఇంకా అప్రూవ్ చేయలేదు. రూట్ నుంచి తీయమన్న మెయిల్‌కి ముందు జవాబు కావాలంటున్నారు.