రెండు నిమిషాల పిచ్ వీడియో స్క్రిప్టు: అపోహలు – వాస్తవాలు

పెట్టుబడిదారులకు పంపే పిచ్ వీడియోల స్క్రిప్టులను సరిదిద్దడం నా వృత్తి. సమస్య, తొలి ఫలితాలు, అడుగుతున్న నిధులు అనే మూడింటినీ విడివిడిగా రాసి ఒకచోట అతికించడం వల్లనే ఎక్కువ స్క్రిప్టులు దెబ్బతింటాయి. అడగబోయే మొత్తాన్ని ముందుగా తేల్చుకుని, దానికి ఆధారమయ్యే ఫలితాలేవో, ఆ ఫలితాలకు అర్థం కల్పించే సమస్య ఏదో చివరి నుంచి మొదటికి రాసుకుంటూ రావాలి. వివరణ కోసం ఒక ఊహాత్మక కంపెనీని తీసుకుందాం. అది శీతల గదుల్లో ఉష్ణోగ్రతను కనిపెట్టే పరికరాన్ని అమర్చి, చల్లదనం తగ్గగానే యజమానికి ఫోన్ చేసే వ్యవస్థను నెలవారీ చందాపై అందిస్తోంది.

అపోహ: సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి ప్రపంచ మార్కెట్ లెక్కలతో మొదలుపెట్టాలి.

వాస్తవం: మొదటి ఇరవై సెకన్లలో పెట్టుబడిదారు తెలుసుకోదలచినది మూడు విషయాలే: ఈ ఇబ్బంది ఎవరిది, అది వారికి ఏ నష్టం తెస్తోంది, ఇప్పుడు వారు దానితో ఎలా నెట్టుకొస్తున్నారు. మూడవదాన్ని చాలామంది వదిలేస్తారు కానీ నా దృష్టిలో అదే కీలకం, ఎందుకంటే మీకు అసలైన పోటీ ఇప్పటికే అలవాటైన ఆ ఏర్పాటే. మన ఉదాహరణలో ఆ భాగం ఇలా ఉండవచ్చు: “చిన్న శీతల గదిలో కంప్రెసర్ రాత్రిపూట ఆగిపోతే, ఆ సంగతి తెల్లవారి తలుపు తీసినప్పుడే యజమానికి తెలుస్తుంది. అప్పటికి సరుకు పాడైపోతుంది. ఇప్పుడు వారికున్న మార్గం కాపలాదారు లేచి ఉష్ణమాపకం చూసి పుస్తకంలో రాయడమే. అతను నిద్రపోతే ఆ రాతా ఉండదు.” మార్కెట్ పరిమాణం చెప్పాలనుకుంటే తరువాత ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

అపోహ: తొలి ఫలితాలు చిన్నవైతే శాతాల్లో చెప్పాలి, విఫలమైన వాటిని దాచాలి.

వాస్తవం: “మూడు నెలల్లో 300 శాతం పెరిగాం” అన్న వాక్యం వినగానే అనుభవమున్న పెట్టుబడిదారుకు కలిగే మొదటి సందేహం, ఎంత నుంచి ఎంతకు అని. ముగ్గురు వినియోగదారులు పన్నెండు మంది అయినా అది 300 శాతమే. శాతం వెనుక ఉన్న అంకెను చెప్పకపోతే అది చిన్నదే అయి ఉంటుందని, ఇతర అంకెలు కూడా ఇలాగే ఉంటాయని ఆయన భావిస్తారు. అందువల్ల అసలు సంఖ్య, గడువు, డబ్బు చెల్లించారా లేదా అన్న మూడూ ఒకే వాక్యంలో ఉండాలి.

మన కంపెనీ నాలుగు నెలల పాటు 14 శీతల గదుల్లో పరికరాన్ని ఉచితంగా పరీక్షించిందని, ఆ తరువాత 11 గదుల యజమానులు చందా కట్టడం మొదలుపెట్టారని, ముగ్గురు వైదొలిగారని అనుకుందాం. “14 మంది నమ్మారు” అని రాయడం తేలిక, కానీ ఉచితంగా వాడిన వారినీ డబ్బు కట్టిన వారినీ కలిపి చెప్పిన సంఖ్య మొదటి సమావేశంలోనే విడిపోతుంది. దానికన్నా ఈ వాక్యాలు బలమైనవి: “నాలుగు నెలల ఉచిత పరీక్ష ముగిశాక 14 మందిలో 11 మంది చందా కట్టారు. మిగిలిన ముగ్గురి గదుల మందపాటి లోహపు గోడలు సిగ్నల్‌ను అడ్డుకున్నాయి. ఇప్పుడు సెన్సర్‌ను లోపల ఉంచి, ప్రసార భాగాన్ని తీగతో గది బయటికి తెచ్చాం.” వైఫల్యానికి కారణం సాంకేతికమని, దానికి మార్గం దొరికిందని ఇందులో తెలుస్తుంది. అయితే ఆ మార్పు పనిచేసిందని ఇంకా రుజువు కాకపోతే “పరీక్షిస్తున్నాం” అనే అనాలి.

యాప్ డౌన్‌లోడ్‌లు, గెలిచిన బహుమతులు, పత్రికల్లో వచ్చిన వార్తలు ఈ భాగంలోకి రాకూడదు. అవి అబద్ధాలు కావు, కానీ వినియోగదారు మళ్లీ డబ్బు కడతాడా అన్న ప్రశ్నకు అవేవీ సమాధానం చెప్పవు.

అపోహ: ఎంత కావాలో సూటిగా చెబితే బేరం చెడుతుంది కాబట్టి “50 నుంచి 100 లక్షల వరకు” అంటే మంచిది.

వాస్తవం: అన్ని అపోహల్లోనూ ఎక్కువ హాని చేసేది ఇదే. 50 లక్షలతో చేసే పని వేరు, 100 లక్షలతో చేసే పని వేరు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడితే ఏ ప్రణాళికా లేదని అర్థమవుతుంది. సంఖ్యను తరువాతి మైలురాయి నుంచి వెనక్కి లెక్కగట్టాలి.

మన కంపెనీ చందా కట్టే గదులను 11 నుంచి 100కు చేర్చితే తరువాతి రౌండుకు అర్హత వస్తుందని భావిస్తోంది. ఇప్పుడు వ్యవస్థాపకులే నెలకు 2 గదుల్లో పరికరాలు అమరుస్తున్నారు. ఇద్దరు సాంకేతిక నిపుణులను తీసుకుంటే, వారు పని నేర్చుకునే మొదటి 3 నెలల్లో పాత వేగమే ఉంటుంది, అంటే 6 గదులు వస్తాయి. ఆ తరువాత నెలకు 7 చొప్పున 12 నెలల్లో 84 వస్తాయి. ఇప్పటికే ఉన్న 11తో కలిపి 15 నెలల్లో 101 అవుతాయి. తరువాతి రౌండు పూర్తయ్యేదాకా చేతిలో డబ్బు ఉండాలి కనుక మరో 3 నెలలు కలిపితే 18 నెలలు. పరికరాల ఖర్చుతో సహా, ఆదాయం పోను నెలకు 5 లక్షలు ఖర్చయితే మొత్తం 90 లక్షలు. చందా మానేసే వారిని ఈ లెక్క పట్టించుకోలేదు; ఆ ప్రశ్న సమావేశంలో తప్పక వస్తుంది కాబట్టి సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి.

ఈ గణితమంతా వీడియోలోకి రానక్కరలేదు. వినిపించాల్సింది ఇంతే: “మేము 90 లక్షలు సమీకరిస్తున్నాం. ఇద్దరు సాంకేతిక నిపుణులతో 15 నెలల్లో చందా కట్టే గదులను 11 నుంచి 100కు చేరుస్తాం. ఈ నిధులు 18 నెలలకు సరిపోతాయి.” ఎవరైనా ఇప్పటికే లిఖితపూర్వకంగా అంగీకరించి ఉంటే ఆ మొత్తాన్ని కూడా చెప్పవచ్చు; నోటి మాటను మాత్రం అందులో కలపకూడదు. కంపెనీ విలువ ఎంతన్నది సమావేశంలో తేల్చుకునే విషయం కనుక వీడియోలో దాని ఊసు అవసరం లేదు.

అపోహ: రెండు నిమిషాలంటే 300 మాటలు రాయవచ్చు.

వాస్తవం: ఆ లెక్క ఇంగ్లీషు స్క్రిప్టులది. తెలుగులో ప్రత్యయాలు మాటలోనే కలిసిపోయి మాట పొడవవుతుంది కాబట్టి 180 మాటల దగ్గర ఆగి, గడియారం ముందు పెట్టుకుని పైకి చదివి చూడటం మంచిది. సమయం మించితే మాట్లాడే వేగం పెంచకుండా, సమస్య భాగంలోని వాక్యాలు తీసివేయాలి. నిధుల భాగానికి కనీసం 20 సెకన్లు మిగలాలి.

అపోహ: వీడియోను ఎంత ఎక్కువమంది చూస్తే అంత మంచిది కాబట్టి బహిరంగంగా పెట్టాలి.

వాస్తవం: ప్రైవేటుగా వాటాలు జారీ చేసే కంపెనీ ఆ సంగతిని ప్రజలందరికీ ప్రకటించడాన్ని అనేక దేశాల చట్టాలు కట్టడి చేస్తాయి. అమెరికాలో 506(బి) నిబంధన కింద నిధులు సేకరించేవారు బహిరంగ ప్రచారం చేయకూడదు. భారతదేశంలో కంపెనీల చట్టం, 2013లోని 42వ సెక్షన్ ప్రైవేటు కేటాయింపుల విషయంలో అలాంటి ప్రకటనలను నిషేధిస్తుంది. నిధుల వాక్యాలున్న వీడియోను ఎంపిక చేసుకున్న పెట్టుబడిదారులకు మాత్రమే, పాస్‌వర్డ్ ఉన్న లింకుతో పంపాలి. బహిరంగంగా పెట్టదలచిన వీడియోను నిధుల భాగం లేకుండా విడిగా తయారుచేసి, విడుదలకు ముందు న్యాయవాదికి చూపించాలి.